213 యూనిట్లకు 2,065 రూపాయల కరెంటు బిల్లు. తేడా ఎక్కడుందో ఎవరైనా చూసి చెప్పగలరా?

సుజాత_బోడుప్పల్

అందరికీ నమస్కారం. మేము బోడుప్పల్‌లో అద్దె ఇంట్లో, పై పోర్షన్‌లో ఉంటున్నాం. నెలకు 150 నుంచి 165 యూనిట్లు కాలుతుంది. బిల్లు ఎప్పుడూ 800 దాటలేదు. ఈ నెల 2,065 అని వచ్చేసరికి గుండె ఆగినంత పనైంది. ఏసీ లేదు, కూలర్ ఒక్కటే. బిల్లులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

పాత రీడింగ్ 18742, ఏప్రిల్ 6
కొత్త రీడింగ్ 18955, మే 10
యూనిట్లు 213
ఎనర్జీ చార్జీలు 1120.10
ఫిక్స్‌డ్ చార్జీలు 30.00
కస్టమర్ చార్జీలు 100.00
ఎలక్ట్రిసిటీ డ్యూటీ 12.78
సర్‌చార్జ్ 25.00
లాస్/గెయిన్ 0.12
బిల్లు మొత్తం 1288
అరియర్స్ 777
కట్టాల్సింది 2065

ఏప్రిల్ బిల్లు 164 యూనిట్లకు 777 వచ్చింది. 49 యూనిట్లు పెరిగితే బిల్లు ఐదు వందలకు పైగా ఎలా పెరుగుతుంది? పైగా ఆ 777 నేను ఏప్రిల్ 18నే ఫోన్‌లో కట్టేశాను. మళ్లీ అరియర్స్‌లో ఎందుకు వేశారు? మావారేమో "మీటర్ జంప్ అయింది, ఓనర్‌కి చెప్పు" అంటున్నారు.

నవీన్ కె

18 శాతం జీఎస్టీ కలిపారేమో చూడండి అక్కా. ఈమధ్య అన్నింటి మీదా వేస్తున్నారు.

బెజవాడ రాజు

కరెంటు వాడకం మీద జీఎస్టీ లేదు తమ్ముడూ. అక్కడున్నది ఎలక్ట్రిసిటీ డ్యూటీ, యూనిట్‌కి 6 పైసలు. 213ని 6 పైసలతో గుణిస్తే 12.78. అది కరెక్టే.

సుజాత గారూ, మీ ఎనర్జీ చార్జీలు మాత్రం తప్పు. శ్లాబ్ అంటే మెట్లు. కింది మెట్టు రేటు కింది యూనిట్లకే, పై మెట్టు రేటు పై యూనిట్లకే పడుతుంది. మాకు మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00. మీ 213 యూనిట్లకు నేను వేస్తే 945 వచ్చింది. మీకు 1120 వేశారు. నిలదీయండి.

పాత లెడ్జర్

రాజు గారూ, మీ లెక్క ఆంధ్రప్రదేశ్‌కి సరిపోతుంది. 2022 ఏప్రిల్ నుంచి అక్కడ ఇళ్లకు గ్రూపులు తీసేసి అందరికీ ఒకే మెట్ల వరుస పెట్టారు. సుజాత గారు ఉన్నది బోడుప్పల్‌లో. తెలంగాణలో అలా కాదు. ఆవిడ మీ లెక్క పట్టుకుని ఆఫీసుకు వెళ్తే నవ్వి పంపిస్తారు.

నేను రెవెన్యూ ఆఫీసులో, అదే ఈఆర్వోలో, చాలా ఏళ్లు బిల్లులు చూసి రిటైర్ అయినవాణ్ని. నెమ్మదిగా చెబుతాను.

తెలంగాణలో ఇంటి కనెక్షన్లు మూడు గ్రూపులు. ఆ నెల వాడకం 100 లోపుంటే ఒకటి, 101 నుంచి 200 దాకా రెండోది, 200 దాటితే మూడోది. గ్రూపు మారితే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. కిటుకంతా అక్కడే ఉంది.

200 లోపున్నవాళ్లకు మొదటి 100 యూనిట్లు 3.40, తర్వాతి 100 యూనిట్లు 4.80. కచ్చితంగా 200 కాలిస్తే 340, 480 కలిపి 820. అదే 201 కాలిస్తే మొదటి 200 యూనిట్లకూ 5.10 చొప్పున 1020 పడుతుంది, ఆ 201వ యూనిట్‌కి 7.70. మొత్తం 1027.70. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు.

ఇప్పుడు మీ బిల్లు చూడండి. 200 యూనిట్లకు 1020, మిగతా 13 యూనిట్లకు 7.70 చొప్పున 100.10. కలిపితే 1120.10. మిషన్ కూడిక తప్పు చేయలేదు. మిమ్మల్ని మూడో గ్రూపులో వేసింది. వేయడం న్యాయమా కాదా అన్నది వేరే ప్రశ్న. దానికి ముందు ఒక్కటి చెప్పండి, ఏప్రిల్ 6 నుంచి మే 10కి ఎన్ని రోజులు?

స్వరూప_హన్మకొండ

నాకూ ఇదే అయింది అక్కా! మార్చి 2024 నుంచి గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తుండె. పోయిన నెల మా ఆడపడుచు పిల్లలు సెలవులకు వచ్చిన్రు. 203 యూనిట్లు తేలింది. మూడు యూనిట్ల కోసం మొత్తం బిల్లు కట్టమన్నారు, 1,175. మీరు తెల్ల రేషన్ కార్డు జిరాక్స్ ఇచ్చి దరఖాస్తు పెట్టుకోండి, వచ్చే నెల మళ్లీ జీరో వస్తది.

సుజాత_బోడుప్పల్

స్వరూప గారూ, మాకు తెల్ల కార్డు లేదండి. నాది జీరో బిల్లు గొడవ కాదు.

లెడ్జర్ గారూ, 34 రోజులు! మామూలుగా ఆరో తారీఖో ఏడో తారీఖో వస్తాడు రీడింగ్ అబ్బాయి. ఈసారి నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చాడు. నేను దాన్ని పట్టించుకోనే లేదు.

పాత లెడ్జర్

అదే. 213ని 34తో భాగిస్తే రోజుకి 6.26 యూనిట్లు. 30 రోజులకు 188. అంటే మీ నెలసరి వాడకం 200 దాటలేదు. రీడింగ్ తీసేవాడు ఆలస్యంగా రావడం వల్ల దాటినట్టు కనిపిస్తోంది.

ఇలాంటప్పుడు శ్లాబును కూడా రోజుల లెక్కన సాగదీయాలి. 30 రోజులకు 200 అయితే 34 రోజులకు 226.67. మీ 213 దాని లోపలే ఉంది. రెండో గ్రూపు రేటే పడాలి. మొదటి మెట్టు 100 కాస్తా 113.33 అవుతుంది. దానికి 3.40 చొప్పున 385.33, మిగతా 99.67కి 4.80 చొప్పున 478.40. మొత్తం 863.73. మీకు వేసింది 1120.10. తేడా 256.37.

ఇది కొత్త సంగతేమీ కాదు. 2020లో లాక్‌డౌన్‌లో ఇంటింటికీ వెళ్లి రీడింగ్ తీయడం ఆగిపోయి, జూన్‌లో ఒకేసారి తీసినప్పుడు మొత్తం యూనిట్లను నెలలకు పంచి శ్లాబులు వేశారు. లేకపోతే ఊరంతా పై గ్రూపులో పడేది.

మీటర్ జంప్ అయిందన్న మాట సంగతి. ఒకసారి మీటర్ దగ్గరికెళ్లి డిస్‌ప్లే చూడండి. అంకెలు మారుతూ ఉంటాయి, పక్కన `kWh` అని పడినప్పుడున్న అంకె మాత్రమే రాసుకోండి. దాని బదులు ఇంకో అంకె రాసుకొచ్చి గొడవ పడ్డవాళ్లను చాలామందిని చూశాను.

కరుణాకర్_ఎల్బీనగర్

నాకో అనుమానం సార్. ఆ రోజుల లెక్క మిషనే వేస్తుంది కదా? నా ఫిబ్రవరి బిల్లు తీసి చూశాను. 33 రోజులు, 214 యూనిట్లు. ఎనర్జీ చార్జీలు 873.20 ఉన్నాయి. మీరు చెప్పినట్టు 110 యూనిట్లకు 3.40, 104 యూనిట్లకు 4.80 వేస్తే సరిగ్గా అంతే వచ్చింది. మరి సుజాత గారికెందుకు వేయలేదు?

పాత లెడ్జర్

మంచి పని చేశారు, పాత బిల్లు తీసి చూశారు. మీకు పడిందంటే మిషన్‌లో ఆ లెక్క ఉన్నట్టే. ఆవిడకు ఎందుకు పడలేదో బిల్లు కాగితం చూసి నేను చెప్పలేను. ఈఆర్వోలో ఆ సర్వీసు ఖాతా తెరిస్తేనే తెలుస్తుంది. ఊహించి చెబితే ఆవిడ అదే పట్టుకుని వెళ్తుంది, బాగుండదు.

సుజాత_బోడుప్పల్

మీటర్ చూసొచ్చాను. ఇవాళ మే 18, `kWh` దగ్గర 19004 ఉంది. ఎనిమిది రోజులకు 49 యూనిట్లు. రోజుకి ఆరే. అంటే జంప్ ఏమీ లేదు కదా? మావారికి చెప్తే "అయితే కూలర్ ఆపు" అన్నారు.

మరి అరియర్స్ సంగతి?

పాత లెడ్జర్

జంప్ లేదు. రీడింగ్ సరైనదే. కూలర్ వేసుకోండి.

అరియర్స్ గడి, సర్‌చార్జ్ గడి కలిపి చదవాలి. గడువులోగా డబ్బు జమ కాకపోతే తర్వాతి బిల్లులో 25 సర్‌చార్జ్ పడుతుంది. మీకు రెండూ పడ్డాయంటే, ఖాతా ప్రకారం మీరు ఏప్రిల్ బిల్లు అసలు కట్టలేదు. బిల్లు చివర 'చివరిగా చెల్లించిన తేదీ' అని ఉంటుంది. అదేముంది? ఫోన్‌లో కట్టిన రసీదు తెరిచి, దాని మీదున్న సర్వీసు నంబర్‌ని బిల్లు మీది నంబర్‌తో ఒక్కో అంకె కలిపి చూడండి. డబ్బు ఖాతాలోంచి పోయినంత మాత్రాన మీ సర్వీసుకే చేరిందనుకోవద్దు.

లత మేడిపల్లి

నేను ఓనర్‌ని. మా అద్దెవాళ్లు కూడా ఇలాగే అరియర్స్ అని గోల చేశారు. తీరా చూస్తే అది ఏసీడీ. ఏడాది వాడకం చూసి, రెండు నెలల సగటు బిల్లుకు డిపాజిట్ తక్కువుందని మిగతాది కట్టమంటారు. వాడింది వాళ్లు, కట్టమంటే "డిపాజిట్ మీ పేరు మీద ఉంటుంది కదా, మీరే కట్టండి" అంటారు. నేనెందుకు కట్టాలి? ఏసీలు పెట్టింది వాళ్లు.

కరుణాకర్_ఎల్బీనగర్

లత గారూ, డిపాజిట్ మీద ఏటా వడ్డీ వస్తుంది, అది బిల్లులో తగ్గిస్తారు. అద్దెవాళ్లు ఖాళీ చేసి వెళ్లేటప్పుడు ఆ డిపాజిట్ వెంట తీసుకెళ్లలేరు కదా. మీరే కట్టడం న్యాయం.

లత మేడిపల్లి

వడ్డీ కూడా వాళ్ల బిల్లులోనే తగ్గుతుంది, నా చేతికి రాదు. ఎవరి న్యాయం వాళ్లది.

పాత లెడ్జర్

ఆఫీసుకు సర్వీసు ఎవరి పేరున ఉంటే వాళ్లే తెలుసు. ఓనర్, అద్దెవాళ్ల మధ్య పంపకం అగ్రిమెంట్‌లో రాసుకోవాల్సిందే. సుజాత గారి బిల్లులో మాత్రం ఏసీడీ గడిలో ఏమీ లేదు. అరియర్స్ అంకె పోయిన నెల బిల్లుతో పైసా తేడా లేకుండా సరిపోయింది. కాబట్టి ఆవిడది కచ్చితంగా చెల్లింపు గొడవే.

సుజాత_బోడుప్పల్

అయ్యో, సిగ్గుగా ఉంది చెప్పడానికి.

బిల్లు మీద 'చివరిగా చెల్లించిన తేదీ' మార్చి 14 ఉంది. ఫోన్ రసీదులో నంబర్ చూస్తే చివరి అంకె వేరే! అది కింది పోర్షన్ వాళ్లది. జనవరిలో ఆంటీ వాళ్ల ఫోన్ పాడైందని వాళ్ల బిల్లు నా ఫోన్‌లో కట్టాను. అది యాప్‌లో సేవ్ అయిపోయింది. రెండింటికీ ఓనర్ పేరే వస్తుంది కాబట్టి నాకు తేడా తెలియలేదు.

కిందికెళ్లి అడిగితే ఆంటీ బిల్లు చూపించారు. వాళ్లది 540 వచ్చింది, అరియర్స్ దగ్గర మైనస్ 777. కట్టాల్సిన చోట మైనస్ 237. "గవర్నమెంటు ఏదో స్కీము పెట్టిందనుకున్నామమ్మా" అన్నారు. 540 అప్పుడే చేతిలో పెట్టారు, మిగతా 237 వచ్చే నెల బిల్లులో తగ్గాక ఇస్తామన్నారు.

నవీన్ కె

అదృష్టవంతులు అక్కా, ఆంటీ మంచావిడ. మొత్తం తెలియని వాళ్ల నంబర్‌కి పోయి ఉంటే?

పాత లెడ్జర్

అప్పుడు రసీదుతో ఈఆర్వోలో అర్జీ ఇచ్చి, ఆ సర్వీసు నుంచి ఈ సర్వీసుకు మార్చమని అడగాలి. కష్టమే, కాలం పడుతుంది. కట్టేముందు పేరు ఒక్కటే చూస్తే చాలదు. కట్టాల్సిన మొత్తం బిల్లులో ఉన్నంతే ఉందా అని కూడా చూడాలి. సుజాత గారికి ఏప్రిల్‌లో అది తేడాగా కనిపించి ఉండాలే?

సుజాత_బోడుప్పల్

కనిపించింది సార్. 610 ఏదో చూపించింది. "ఇంకా అప్‌డేట్ కాలేదేమో" అనుకుని చెరిపేసి నేనే 777 కొట్టాను.

పాత లెడ్జర్

సరే. ఇక మిగిలింది శ్లాబ్ గొడవ. 777, 25 మీరు కట్టాల్సినవే. ఫిక్స్‌డ్ చార్జీలు కిలోవాట్‌కి పది చొప్పున మూడు కిలోవాట్లకు 30, అదీ సరే. లాస్/గెయిన్ అంటే పైసల్ని రూపాయికి సర్దడమే, దాంతో పనిలేదు. మిగిలినవి రెండు. ఎనర్జీ చార్జీల్లో 256.37 ఒకటి. 200 దాటారని కస్టమర్ చార్జీలు 90కి బదులు 100 వేశారు, ఆ పది రెండోది.

గడువు మే 24. ముందు మొత్తం కట్టేయండి. తేడా తేలేదాకా ఆపుతానంటే ఇంకో సర్‌చార్జ్, ఆపైన లైన్‌మన్ నిచ్చెన. కట్టాక 1912కి ఫోన్ చేసి కంప్లయింట్ నంబర్ తీసుకోండి. ఏప్రిల్, మే బిల్లుల జిరాక్స్‌లు, ఒక తెల్లకాగితం మీద నేను పైన వేసిన లెక్క రాసుకుని ఈఆర్వోకి వెళ్లండి. సెక్షన్ ఆఫీసులో ఏఈ దగ్గర బిల్లు దిద్దరు. "బిల్లు ఎక్కువ వచ్చింది" అనకండి, రోజూ వంద మంది అదే అంటారు. "34 రోజులకు 30 రోజుల శ్లాబు వేశారు" అనండి.

బెజవాడ రాజు

నా లెక్క తప్పని ఒప్పుకుంటున్నాను. మా దగ్గర 2023లో మొదలైన ఇంధన సర్దుబాటు, యూనిట్‌కి 40 పైసల దాకా, బిల్లులో వేరే లైనుగా వస్తుంది. తెలంగాణ బిల్లులో ఆ లైను లేకపోవడం చూసే నాకు తట్టి ఉండాల్సింది. అయినా ఒక్క యూనిట్‌కి 207 రూపాయలు ఏంటండీ, అన్యాయం.

స్వరూప_హన్మకొండ

సార్, నా బిల్లు ఇప్పుడు చూసిన. 203 యూనిట్లు 31 రోజులకు. మీ లెక్కన 30 రోజులకు 196 వస్తోంది. మరి నా జీరో బిల్లు నాకు రావాలె కదా?

పాత లెడ్జర్

అమ్మా, లెక్క మీదే కరెక్ట్, 31 రోజులకు 206 దాకా ఉంటుంది. ఆ సగటు గృహజ్యోతి హద్దుకు కూడా పట్టిస్తారా లేదా అన్నది మీ ఆఫీసులోనే అడగాలి. నేను రిటైర్ అయ్యాక వచ్చిన పథకం అది. అడగడం మాత్రం మానకండి.

సుజాత_బోడుప్పల్

మే 22న వెళ్లాను. కౌంటర్‌లో ఉన్నాయన "రోజుల లెక్క సిస్టమే వేసుకుంటుందమ్మా" అన్నారు, కాగితం చూడకుండానే. కరుణాకర్ గారి మాట గుర్తొచ్చి "వేసుకుంటే 863.73 ఉండాలి, 1120.10 ఎందుకుంది" అన్నాను. అప్పుడు కళ్లజోడు పెట్టుకున్నారు. కాలిక్యులేటర్ తీసి రెండుసార్లు కొట్టి చూసి, అర్జీ మీద ముద్ర వేసి ఇచ్చారు.

సుజాత_బోడుప్పల్

జూన్ 9న కొత్త బిల్లు వచ్చింది. 30 రోజులు, 178 యూనిట్లు. ఎనర్జీ 714.40, ఫిక్స్‌డ్ 30, కస్టమర్ 90, డ్యూటీ 10.68. కింద అడ్జస్ట్‌మెంట్ మైనస్ 256.37. కట్టాల్సింది 589. ఈసారి బిల్లు మీద నంబర్ చూస్తూ ఒక్కో అంకె కొట్టి కట్టాను.

ఎందుకు తప్పు పడిందో మాత్రం ఎవరూ చెప్పలేదు. అడిగితే "సరిచేశాం కదమ్మా" అన్నారు. కస్టమర్ చార్జీల్లో ఎక్కువ వేసిన పది రూపాయలు కూడా రాలేదు.

కరుణాకర్_ఎల్బీనగర్

పది రూపాయలకు మళ్లీ ఆటో చార్జీలు ఎందుకండీ, వదిలేయండి.

పాత లెడ్జర్

ఆటో అక్కర్లేదు. పాత కంప్లయింట్ నంబర్ చెప్పి 1912కి ఇంకో ఫోన్ చేస్తే చాలు. అప్పటికీ దిద్దకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, దానికి ఫీజు లేదు. పది రూపాయలకు అంత దూరం వెళ్లాలా అంటే మీ ఇష్టం. నేనైతే ఫోన్ చేస్తాను.

సుజాత_బోడుప్పల్

చేశాను సార్. క్యూలో ఉన్నాను, పాట వినిపిస్తోంది.